మిగులు నీళ్లు, మిగులు జలాలు: ఒక వ్యాసం, ఒక వాట్సాప్ మెసేజ్

ఒంగోలులో పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు నేను తెలుగు వ్యాసరచన చెబుతాను. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే తెలుగులో రాయాలనుకునేవాళ్లే ఎక్కువగా వస్తారు. పోయిన వేసవిలో వచ్చినవాళ్లలో ఒకమ్మాయిది కనిగిరి దగ్గర పల్లె. ఇంజనీరింగ్ చదివింది. పదో తరగతి తర్వాత తెలుగులో పేజీ నిండా రాసిన సందర్భం లేదు. నీటి ఎద్దడి మీద వ్యాసం రాసుకుని రమ్మన్నాను. సొంత ఊరి కష్టం కాబట్టి విషయానికి లోటు లేదు. ఫ్లోరైడ్, ట్యాంకర్ దగ్గర బిందెల వరుస, వెయ్యి అడుగులు తవ్వినా తడి తగలని బోర్లు, అన్నీ ఉన్నాయి. అయినా మొదటి పేరా చదివేసరికి నాకు ఆ ఊరు కళ్ల ముందుకు రాలేదు.

ఆ పేరా ఇది:

"సలిలం లేనిదే మానవ మనుగడ లేదు. మా పశ్చిమ ప్రకాశంలో వేసవి వచ్చిందంటే ప్రజలు తోయం కోసం కిలోమీటర్ల దూరం వెళ్లాల్సి వస్తోంది. భూగర్భ ఉదకం వెయ్యి అడుగుల దిగువకు పడిపోయాయి. ఉన్న జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. వెలిగొండ ప్రాజెక్టు ద్వారా మిగులు నీళ్లు తెస్తే ఈ అంబువు కొరత తీరుతుంది."

ఐదు వాక్యాల్లో ఆరు రకాల నీళ్లు. ఎందుకిలా రాశావమ్మా అంటే, "ఒకే మాట మళ్లీ మళ్లీ వాడితే మార్కులు పోతాయని స్కూల్లో చెప్పారు మేడం. అందుకే పర్యాయపదాలన్నీ గుర్తు తెచ్చుకుని రాశాను" అంది. ఆ మాటలో ఎంత కష్టం ఉందో నాకు తెలుసు. ఆ పట్టిక కంఠతా పట్టడానికి మేమందరం పడ్డ కష్టమే అది.

ఇది జరిగిన మూడు వారాలకు దీనికి సరిగ్గా ఎదురు తప్పు జరిగింది. ఆ అమ్మాయి ఉంటున్న ఇంట్లో మోటార్ చెడిపోయింది. పక్క గదిలో ఉండే స్నేహితురాలు అప్పటికి ఊరెళ్లి ఉంది, రాత్రికి వస్తుంది. ఆమెకు ఈ అమ్మాయి పెట్టిన మెసేజ్ ఇలా ఉంది:

"రేపు ఉదయం నీటి సరఫరా ఉండదు. దయచేసి ఈ రాత్రికే తగినంత నీటిని నిల్వ చేసుకోగలరు."

స్నేహితురాలు అది మునిసిపాలిటీ వాళ్లదో, ఇంటి ఓనర్‌దో ఫార్వర్డ్ అనుకుని పైపైన చూసి వదిలేసింది. తెల్లారి స్నానానికి చుక్క లేదు. "ఏందే, నాతో ఒక్క మాట చెప్పకూడదా" అని గొడవ. చెప్పాను కదా అని ఈమె, అది నువ్వు చెప్పినట్టుందా అని ఆమె. ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని వచ్చి నాకు చూపించింది. అప్పటిదాకా మేం వ్యాసం మీదే పని చేస్తున్నాం. ఆ రోజు నుంచి వ్యాసాన్నీ మెసేజ్‌నీ పక్కపక్కన పెట్టుకుని చూడడం మొదలుపెట్టాం. ఆ పని ఎలా సాగిందో, ఏది కుదిరిందో, ఏది కుదరలేదో ఇక్కడ రాస్తున్నాను.

పట్టిక ఎక్కడి నుంచి వచ్చింది

ముందు ఆ ఆరు మాటలూ ఎక్కడెక్కడ బతుకుతున్నాయో చూశాం. నేను చెప్పలేదు, తననే చెప్పమన్నాను. "సలిలం అనే మాట నీ చెవిన ఎప్పుడు పడింది?" పద్యంలో, పాటలో. "తోయం?" పద్యంలో తప్ప గుర్తు లేదు. "ఉదకం?" కాసేపు ఆలోచించి, "మా తాతయ్య కర్మకాండప్పుడు పంతులుగారు అన్నారు" అంది. అక్కడే ఆ మాట గుట్టు బయటపడింది. తిలోదకాలంటే తిల ఉదకాలు, నువ్వులతో వదిలే నీళ్లు. ఏదైనా పూర్తిగా వదిలేశారంటే తిలోదకాలిచ్చారంటాం. ఉదకం ఇప్పటి తెలుగులో ఎక్కువగా ఆ క్రతువుల చుట్టూనే తిరుగుతోంది. దాన్ని తీసుకొచ్చి బోరుబావిలో పోస్తే చదివేవాడికి ఒక క్షణం ఎక్కడున్నాడో తెలియదు.

మరి ఇన్ని మాటలు ఎందుకు పుట్టాయి? సంస్కృతంలో అమరకోశం నీటికి ఇరవైకి పైగా పేర్లు చెబుతుంది. వాటిని తెలుగు కవులు తెచ్చుకోవడానికి గట్టి కారణం ఉంది. పద్యానికి గణాలు కావాలి, యతి కావాలి, ప్రాస కావాలి. 'జలము' మూడూ లఘువులు, నగణం. 'తోయము' అంటే గురువు మీద రెండు లఘువులు, భగణం. 'సలిలము' నాలుగు లఘువులు. యతి 'స' దగ్గర పడాల్సి వస్తే సలిలం, 'త' దగ్గర పడాల్సి వస్తే తోయం. కవికి అవి ఒకే సంచిలో ఉన్న వేర్వేరు కొలతల ఇటుకలు. వచనంలో రాసేవాళ్లకు ఆ అవసరం లేదు. అవసరం పోయినా పట్టిక మాత్రం పాఠ్యపుస్తకంలో అలాగే మిగిలింది, పక్కన కొలతలు లేకుండా.

ఇంకో సంగతి కూడా ఆ అమ్మాయికి చూపించాను. అదే అమరకోశం పట్టికలో పానీయం ఉంది, జీవనం ఉంది, క్షీరం ఉంది, వనం కూడా ఉంది. నీరజ, జలజ, అంబుజ లాగే వనజ అన్నా నీళ్లలో పుట్టిందనే అర్థం. పేర్లలో అది ఇంకా బతికే ఉంది. కానీ ఇవాళ 'పానీయం కొరత' అని రాస్తే కూల్‌డ్రింకులు దొరకడం లేదనుకుంటారు. క్షీరమంటే పాలే. జీవనమంటే బతుకే. ఒకప్పుడు సమానార్థకాలైన మాటలు తలో దారి పట్టాయి. కాబట్టి పట్టికలో పక్కపక్కన ఉన్నంత మాత్రాన ఒకదాని చోట ఇంకొకటి కూర్చుంటుందనుకోవడానికి లేదు.

ఇలా చూసుకుంటూ పోతే సలిలం, తోయం, అంబువు, ఉదకం నాలుగూ వ్యాసం నుంచి బయటికి వెళ్లిపోయాయి. మిగిలినవి నీళ్లు, జలం. తను వాడని నీరు కూడా కలిపితే మూడు. అసలు పని ఈ మూడింటి దగ్గరే ఉంది, ఎందుకంటే ఈ మూడూ ఇవాళ బతికున్న మాటలే.

మూడు మాటలు, మూడు సంసారాలు

చాలామంది పిల్లల లెక్క ఇలా ఉంటుంది: నీళ్లు కింది మెట్టు, నీరు మధ్య మెట్టు, జలం పై మెట్టు. వ్యాసమంటే పైకెక్కాలి, మెసేజ్ అంటే దిగాలి. నేనూ చాలాకాలం ఇలాగే చెప్పాను. ఇది సగమే నిజం, మిగతా సగం దగ్గర పిల్లలు దెబ్బతింటున్నారు. ఈ కేసులోనే అది నాకు స్పష్టంగా అర్థమైంది.

ఆ అమ్మాయి రెండోసారి రాసుకొచ్చినప్పుడు నీళ్లు అనే మాట ఉన్న ప్రతిచోటా దాన్ని తీసేసి జలం పెట్టింది. 'జల కొరత', 'తాగే జలం', 'ట్యాంకర్ జలం', 'జల ఎద్దడి', 'బిందెడు జలం'. తప్పు ఎక్కడుందో తనకే తెలుస్తోంది, ఎందుకో మాత్రం చెప్పలేకపోతోంది. అప్పుడు ఒక తెల్ల కాగితం తీసి, నిలువుగా మూడు గళ్లు గీసి, ఒక్కో మాట పక్కన ఏ మాటలు సహజంగా వచ్చి చేరతాయో రాయమన్నాను. పుస్తకం చూడకూడదు, చెవికి తోచినట్టు రాయాలి.

జలం గడిలో ఇవి వచ్చాయి: భూగర్భ జలాలు, జలాశయం, జలమార్గం, జలవిద్యుత్తు, జలవివాదం, నదీజలాలు, జలప్రళయం. నీరు గడిలో: తాగునీరు, సాగునీరు, మురుగునీరు, నీటిపారుదల, నీటి కొరత, నీటి ఎద్దడి, నీటిమట్టం, నీటి తీరువా. నీళ్లు గడిలో: మంచినీళ్లు, వేణ్ణీళ్లు, చన్నీళ్లు, బోరునీళ్లు, ఉప్పునీళ్లు, నీళ్లు పట్టడం, నీళ్లు తోడడం, నీళ్లు పోసుకోవడం, బోరులో నీళ్లు పడడం, గ్లాసెడు నీళ్లు, బిందెడు నీళ్లు.

కాగితం నిండాక ఇద్దరం చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాం. జలం పక్కన చేరినవి దాదాపు అన్నీ సంస్కృతం నుంచి వచ్చిన మాటలు: ఆశయం, మార్గం, వివాదం, భూగర్భం. నీరు పక్కన చేరినవాటిలో తెలుగు మాటలు ఎక్కువ: కొరత, ఎద్దడి, పారుదల, తాగు, సాగు. నీళ్ల పక్కన చేరినవాటిలో చాలా చేత్తో చేసే పనులు, చేత్తో పట్టుకునే పాత్రలు. అంటే ఏ మాట పెట్టాలో తేల్చేది మెట్టు కాదు, పక్కింటివాళ్లు. పక్కన 'కొరత' ఉంటే ఎంత గంభీరమైన వ్యాసమైనా 'నీటి కొరత' అనే రాయాలి. 'జల కొరత' అంటే రెండు ముక్కలూ అతకవు. పక్కన 'వివాదం' ఉంటే జలవివాదమూ కుదురుతుంది, నీటి వివాదమూ కుదురుతుంది. పత్రికల్లో రెండూ కనిపిస్తాయి.

దీనికి మినహాయింపులు లేకపోలేదు. జలవనరుల శాఖ అంటాం. వనరు తెలుగు మాటే, అయినా జలంతో కలిసిపోయింది. వాడి వాడి అతికిన మాటల్ని విడదీయడానికి పూనుకోకూడదు. అందుకే నేను దాన్ని సూత్రంగా చెప్పను. పక్క మాటతో కలిపి ఒకసారి పైకి చదవమంటాను. ఇంకా అనుమానంగా ఉంటే ఆ రెండు మాటల జంట పేపర్లోనో, ప్రభుత్వ బోర్డు మీదో చూసిన గుర్తుందా అని అడుగుతాను.

నీరు అనే మాట గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పిల్లలు దీన్ని తక్కువ చూస్తారు. ఇది మన సొంత మాట. తమిళంలో నీర్, కన్నడంలో నీరు. వ్యాసంలో ఎంత పెద్ద వాక్యంలోనైనా తలెత్తుకుని నిలబడుతుంది, మెసేజ్‌లోనూ పరాయిగా ఉండదు. ప్రభుత్వాలు పథకాలకు పేర్లు పెట్టినప్పుడు కూడా రెండు దారులూ తొక్కాయి. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన కార్యక్రమం పేరు నీరు-మీరు. జనాన్ని కలుపుకుని ఇంకుడు గుంతలు తవ్వించడం, చెరువులు బాగుచేయించడం దాని పని. నాలుగేళ్లకు పెద్ద ప్రాజెక్టుల కోసం వచ్చిన పథకం పేరు జలయజ్ఞం. రెండూ ప్రభుత్వ పేర్లే, రెండూ అధికారికమే. ఒకటి నీ ఇంటి ముందుకొచ్చి మాట్లాడుతుంది, ఇంకోటి కొండల్లో సొరంగాలు తవ్వబోతున్నట్టు వినిపిస్తుంది. ఇక తెలంగాణ ఉద్యమ నినాదం నీళ్లు, నిధులు, నియామకాలు. ఒక రాష్ట్రాన్ని సాధించిన నినాదంలో ముందు నిలబడ్డ మాట 'నీళ్లు'. అక్కడ జలాలు అని పెడితే మూడు 'ని'ల వరసా పోతుంది, చెలమ దగ్గర కూర్చున్న మనిషీ కనపడడు. ఇంత చూశాక కూడా నీళ్లు కింది మెట్టు అని ఎలా అంటాం?

మాట మారితే క్రియ కూడా మారాలి

మొదటి పేరాలో 'భూగర్భ ఉదకం పడిపోయాయి' అని ఉంది చూశారా. ఆ అమ్మాయి మనసులో ముందు వచ్చింది 'భూగర్భ జలాలు పడిపోయాయి'. తర్వాత నామవాచకాన్ని పీకేసి ఇంకోటి పెట్టింది, క్రియ అలాగే ఉండిపోయింది. పర్యాయపదాలు మార్చి రాసే పిల్లల పేపర్లలో నాకు అన్నిటికంటే ఎక్కువగా దొరికే తప్పు ఇదే. దిద్దేవాళ్ల కళ్లు మొదట పడేదీ దీనిమీదే.

నీరు ఏకవచనం: నీరు ఉంది, నీరు ఇంకిపోయింది, దాన్ని శుద్ధి చేయాలి. నీళ్లు ఎప్పుడూ బహువచనమే: నీళ్లు ఉన్నాయి, నీళ్లు ఇంకిపోయాయి, వాటిని కాచి తాగాలి. జలం ఏకవచనం, జలాలు బహువచనం, ఇక్కడ తేడా ఇంకా లోతు. జలాలు అన్నప్పుడు లెక్క కట్టి పంచుకునే నదీ ప్రవాహమో, భూమి పొరల్లో ఉన్న నిల్వో మనసులో మెదులుతుంది. 'కృష్ణా జలాలు' అంటే వాటా, ట్రిబ్యునల్, టీఎంసీలు. 'కృష్ణా నీళ్లు' అంటే ఇవాళ మా కుళాయిలో వచ్చినవి. హైదరాబాద్‌లో మంజీరా నీళ్లు అంటారే, అలా.

కాబట్టి ఒక మాట మార్చితే వాక్యం చివరిదాకా వేలు పెట్టి చూసుకోవాలి. మధ్యలో 'దాన్ని', 'వాటిని' అనే సర్వనామాలు ఉంటే అవి కూడా. విభక్తి కూడా మారుతుంది: నీరు నీటి అవుతుంది, నీళ్లు నీళ్ల అవుతుంది. 'నీటి ట్యాంకర్' అని వార్తలో రాస్తాం, 'నీళ్ల ట్యాంకర్ వచ్చిందే, బిందెలు తీసుకురా' అని వీధిలో అరుస్తాం. ఆ అమ్మాయి వ్యాసంలో ఇలాంటివి ఏడు చోట్ల దొరికాయి. నేను చూపించింది రెండే, మిగతా ఐదూ తనే పట్టుకుంది.

మిగులు నీళ్లు

ఇప్పుడు ఆ పేరాలో నన్ను నిజంగా భయపెట్టిన మాట దగ్గరికి వస్తాను. సలిలం, తోయం అందం చెడగొట్టాయి, అంతే. 'మిగులు నీళ్లు' అర్థాన్నే చెడగొట్టింది.

కృష్ణా విషయంలో నికర జలాలు, మిగులు జలాలు అనేవి లెక్క కట్టిన మాటలు. నూరేళ్లలో 75 ఏళ్లు నమ్మకంగా వస్తాయని అంచనా వేసిన ప్రవాహం నికర జలాలు. బచావత్ ట్రిబ్యునల్ ఆ లెక్క మీదే రాష్ట్రాలకు వాటాలు వేసింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు దక్కాయి. ఆ నమ్మకమైన ప్రవాహానికి పైన, మంచి వానలు పడ్డ ఏడు వచ్చేవి మిగులు జలాలు. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కొండల్లో సొరంగాలు తవ్వి 43.5 టీఎంసీలు తేవాలన్న వెలిగొండ పథకం వరద కాలపు నీటి మీదే ఆధారపడింది. ప్రకాశం పశ్చిమ ప్రాంతపు ఆశ, అనుమానం రెండూ ఈ 'మిగులు' అనే మాటలోనే ఉన్నాయి.

దాన్ని 'మిగులు నీళ్లు' అంటే ఏమవుతుంది? కుండలో తాగగా అడుగున మిగిలినవి. పేపర్ దిద్దేవాళ్లలో నీటిపారుదల సంగతి తెలిసినవాళ్లు ఉంటే, ఈ పిల్లకు విషయం తెలియదు అనుకుంటారు. కానీ ఆ అమ్మాయికి విషయం పూర్తిగా తెలుసు. తెలిసి కూడా కేవలం మాట మారుస్తున్నానన్న ఉద్దేశంతో రాసింది. నాకు బాధ కలిగించింది అదే.

ఇక్కడ నేను గట్టిగా చెప్పిన మాట: పారిభాషిక పదానికి పర్యాయపదం లేదు. భూగర్భ జలాలు, నికర జలాలు, మిగులు జలాలు, సాగునీరు, తాగునీరు, నీటిమట్టం. వ్యాసంలో ఒకసారి 'భూగర్భ జలాలు' అన్నావంటే చివరిదాకా అదే మాట. అది పదిసార్లు వచ్చినా విసుగు పుట్టదు, పైగా చదివేవాడు తడబడడు. విసుగు పుట్టించేది మాట మళ్లీ రావడం కాదు, వాక్యం మళ్లీ రావడం. 'భూగర్భ జలాలు తగ్గిపోయాయి. భూగర్భ జలాలు తగ్గడానికి కారణం బోర్లు. భూగర్భ జలాలను కాపాడుకోవాలి' అని మూడు పొట్టి వాక్యాలు ఒకే చోట మొదలైతే చెవి నొచ్చుకుంటుంది. అప్పుడు మార్చాల్సింది నామవాచకం కాదు. రెండు వాక్యాల్ని కలపాలి, లేదా 'అవి', 'వాటిని' అనే సర్వనామాలతో పని కానివ్వాలి. ఈ ఒక్క మార్పు అలవాటు కావడానికి ఆ అమ్మాయికి నాలుగు వ్యాసాలు పట్టింది.

నాలుగో ప్రతిలో ఆ పేరా ఇలా వచ్చింది:

"ప్రకాశం జిల్లా పశ్చిమ ప్రాంతంలో వేసవి వస్తే తాగునీటికి కిలోమీటర్ల దూరం వెళ్లాలి. భూగర్భ జలాలు వెయ్యి అడుగుల దిగువకు పడిపోయాయి, అందినచోట కూడా వాటిలో ఫ్లోరైడ్ ఎక్కువ. ట్యాంకర్ వచ్చే రోజు బిందెడు నీళ్ల కోసం ఆడవాళ్లు పని మానుకుని ఎదురుచూస్తారు. కృష్ణా మిగులు జలాలను వెలిగొండ ద్వారా తీసుకొస్తే ఈ ఎద్దడి తీరుతుందన్నది ఇక్కడి ప్రజల ఆశ."

మూడో వాక్యంలో 'బిందెడు నీళ్లు' చూడండి. వ్యాసంలో నీళ్లు రాయొచ్చా అని తను భయపడింది. రాయాలి అన్నాను. బిందె ఉన్నచోట నీళ్లే ఉంటాయి. చుట్టూ తాగునీరు, భూగర్భ జలాలు, మిగులు జలాలు అన్న కొలత మాటల మధ్య ఆ ఒక్క 'నీళ్లు' దగ్గర మనిషి కనిపిస్తోంది. మొదటి ప్రతిలో నాకు దొరకని ఊరు ఇక్కడ దొరికింది.

మర్యాద ఎక్కడ ఉంటుంది

మెసేజ్ దగ్గరికి వద్దాం. అందులో 'జలం' లేదు, 'సలిలం' లేదు. 'నీటి సరఫరా', 'తగినంత నీటిని నిల్వ' అని ఉంది. ఒక్కో మాటా తప్పు కాదు. అవే మాటలు అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద ఉంటే చక్కగా ఉంటాయి. స్నేహితురాలికి రాసేసరికి మనిషి గొంతు పోయి నోటీసు గొంతు వచ్చింది.

ఎందుకు అలా రాశావంటే, "వ్యాసం రాసి రాసి అదే వచ్చేసింది మేడం, పైగా రాసేటప్పుడు మర్యాదగా ఉండాలి కదా" అంది. ఈ రెండో మాట దగ్గర ఆగాం. తెలుగులో మర్యాద నామవాచకంలో ఉండదు. క్రియ చివర ఉంటుంది, 'అండి'లో ఉంటుంది, 'గారు'లో ఉంటుంది. ఇది తేల్చుకోవడానికి అదే సంగతి ముగ్గురికి రాయమన్నాను.

స్నేహితురాలికి: "ఏమే, మోటార్ పోయింది. రేపు పొద్దున నీళ్లు రావు. రాత్రి వచ్చాక రెండు బకెట్లు పట్టి పెట్టుకో, మర్చిపోకు."

కింది వాటాలో ఉండే పెద్దావిడకు: "పిన్నిగారూ, మోటార్ చెడిపోయిందండి. రేపు పొద్దున నీళ్లు రావంట. ఈ రాత్రికే పట్టి పెట్టుకోండి."

ఇంట్లో అందరూ చూసేలా మెట్ల దగ్గర అంటించడానికి: "మోటారు మరమ్మతు కారణంగా రేపు ఉదయం నీటి సరఫరా ఉండదు. దయచేసి ఈ రాత్రే నీరు నిల్వ చేసుకోగలరు."

మొదటి రెండిట్లో నీళ్లు నీళ్లుగానే ఉన్నాయి. మారింది 'ఏమే' నుంచి 'పిన్నిగారూ', 'పెట్టుకో' నుంచి 'పెట్టుకోండి'. పెద్దావిడ మీద గౌరవంతో నీళ్లను నీరు చేయలేదు, చేయక్కర్లేదు. చేస్తే ఆవిడ కూడా ఇది ఎవరో పంపిన నోటీసు అనుకునేది. మూడోదాంట్లో మాత్రం చెప్పే మనిషంటూ లేదు, వినే మనిషీ ఒక్కరు కాదు. అప్పుడు నీళ్లు నీరయ్యాయి, పట్టుకోవడం నిల్వ చేసుకోవడమైంది. నామవాచకం ఒక్కటే మారదు, దానితో పాటు క్రియ కూడా ఊరు మారుతుంది. 'నీరు పట్టి పెట్టుకో' అన్నా, 'నీళ్లను నిల్వ చేసుకోవే' అన్నా సగం నోటీసు, సగం స్నేహం అవుతుంది.

ఈ ముగ్గురి పరీక్ష తర్వాత నేను మిగతా పిల్లలకూ అదే పెడుతున్నాను. ఇల్లు అనే మాటతో చేయించాను. "కొత్తింట్లోకి దిగుతున్నాం, రా" అని స్నేహితుడికి, గృహప్రవేశం అని శుభలేఖలో, గృహనిర్మాణం అని వ్యాసంలో. శుభలేఖలో ఎవరూ 'ఇంటి ప్రవేశం' అనరు, మెసేజ్‌లో 'గృహంలో ఉన్నాను' అనరు. ఇది వాళ్లకు తేలిగ్గానే వచ్చింది. కష్టమైన చోటు సామెతలు, జాతీయాలు. 'నీరుగార్చడం' వ్యాసంలో హాయిగా కూర్చుంటుంది: చట్టాన్ని నీరుగార్చారు. 'ఆశల మీద నీళ్లు చల్లారు' కూడా పత్రికా వ్యాసాల్లో ఎక్కడపడితే అక్కడ కనిపిస్తుంది. 'నీళ్లు నమలడం' మాత్రం మాటల్లోనూ మెసేజ్‌లోనూ బాగుంటుంది. గంభీరమైన వ్యాసంలో మంత్రిగారు నీళ్లు నమిలారంటే కొంచెం చిన్నచూపు ధ్వనిస్తుంది. జాతీయంలో ఉన్న నీళ్లను జలంగా మార్చడం మాత్రం ఎప్పుడూ కుదరదు. ఆశల మీద జలం చల్లితే ఆశలు బతుకుతాయి, చావవు.

నాకు ఇంకా తెగని చోటు ఒకటుంది, 'మంచినీళ్లు'. మా వైపు తాగేవన్నీ మంచినీళ్లే. వ్యాసంలో 'తాగునీరు' పెట్టిస్తాను, కానీ ఫ్లోరైడ్ ఊళ్ల గురించి రాసేటప్పుడు ఆ మార్పు నా మనసుకు పట్టదు. 'మంచి' అనే మాట పోతోంది. తాగునీరు అంటే తాగడానికి ఉన్నది, అంతే. మంచినీళ్లంటే మంచివి. కొందరు పిల్లలు 'సురక్షితమైన తాగునీరు' అని రాస్తారు, అది పేపర్ భాష, తప్పు లేదు. ఆ అమ్మాయి తన వ్యాసంలో ఒక్కచోట మాత్రం 'మా ఊళ్లో తాగునీరు ఉంది, మంచినీళ్లు లేవు' అని రాసింది. నేను కలం పెట్టలేదు.

ఈ మధ్య సంక్రాంతికి ఊరెళ్లి నాకు మెసేజ్ పెట్టింది. "మేడం, మా వీధిలో కొత్త బోరేశారు. నిన్న సాయంత్రం నీళ్లు పడ్డాయి!" తియ్యటి నీళ్లేనా అని అడిగాను. "నోటికి బాగానే ఉన్నాయి మేడం. ఫ్లోరైడ్ టెస్టుకు పంపారు, వచ్చేదాకా అమ్మ తాగొద్దంటోంది."